కుళాయి ముక్కు కాదు, మొదలు చూడండి!

'అమ్మాయ్, వంటింట్లో కుళాయి విరిగిందే. నీళ్లు ఆగట్లేదు' అంది అమ్మ ఫోన్లో, కంగారుగా.

అమ్మ ఉండేది తెనాలిలో. వయసు డెబ్భై రెండు. ఒక్కతే ఉంటుంది. నేనేమో హైదరాబాద్‌లో. ఫోన్లోనే పక్కింటి కుర్రాణ్ని బతిమాలి డాబా మీద ట్యాంకు దగ్గరున్న గేట్‌వాల్వ్ కట్టేయించాను. సాయంత్రానికి ప్లంబర్ వచ్చి విరిగిన కుళాయి విప్పేసి, ఆ రంధ్రానికి డమ్మీ బిగించి, ఇంటికి మళ్లీ నీళ్లు వదిలాడు. 'కొత్త కుళాయి తెప్పించుకోండమ్మా, వచ్చి బిగించేస్తా' అని చెప్పి వెళ్లాడు.

'అతన్నే తెమ్మందాంలే' అంది అమ్మ. నేనే వినలేదు. ఎలాగూ ఆదివారం వస్తున్నానుగా, ఇక్కడ మంచిది చూసి కొనుక్కొస్తానన్నాను. పక్కింటి కుర్రాడు విప్పకముందే ఒక ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు. హంస మెడలా వంపు తిరిగిన గొట్టం, దాని పక్కన మర, వెనక తెల్లటి టైళ్లు. ఇంకేం కావాలి? శానిటరీ షాపులో ఆ ఫొటో చూపించాను. 'స్వాన్ నెక్ మేడమ్' అన్నాడు షాపతను క్షణం ఆలోచించకుండా. తళతళలాడే కుళాయి పెట్టెలోంచి తీశాడు. పద్దెనిమిది వందలు. ఫొటోలో ఉన్నట్టే ఉంది. కొనేశాను.

ఆదివారం ప్లంబర్ వచ్చాడు. పెట్టె విప్పి చూసి, నా వైపు జాలిగా చూశాడు. 'అమ్మా, ఇది గోడకి బిగించేది కాదండీ. బండకి కన్నం పెట్టి నిలబెట్టేది' అన్నాడు.

అప్పుడు చూశాను. మా వంటింట్లో సింకుకు గానీ, గట్టు మీద గ్రానైట్ బండకు గానీ కన్నమే లేదు. నీళ్లు గోడలోంచి వస్తాయి. నేను తెచ్చిన కుళాయికి నీళ్లు అడుగునుంచి రావాలి. మెడ రెండింటికీ ఒకేలా ఉంది. ఫొటోలో మెడే కనపడింది. మొదలు కనపడలేదు. ఆ తప్పు షాపతనిది కాదు, ఫొటోది.

ఈ లోపు అమ్మ అయిదు రోజులుగా బాత్రూమ్‌లోంచి వంటింటికి చెంబులతో నీళ్లు మోసుకుంటోంది. తడి గచ్చు మీద, డెబ్భై రెండేళ్ల వయసులో. నాకు సిగ్గేసింది. ఆ రోజు ప్లంబర్ దగ్గర కూర్చుని నేర్చుకున్నదే ఇది. కుళాయి పాడైతే అందరం ముందు చేసే పని ఫొటో తీసి ఎవరికో పంపడమే కదా. ఆ ఫొటోలో ఏం కనపడాలో, ఏం కనపడదో తెలిస్తే చాలు.

గోడలోంచా... అడుగునుంచా?

కుళాయిని చూడగానే మన కళ్లు మరమీదికీ, మెరుపుమీదికీ పోతాయి. వాటితో రకం తెలియదు. ఒకే రకం మర, ఒకే రకం మెరుపు ఒక కంపెనీ చేసే వేర్వేరు రకాల కుళాయిలకు ఉండొచ్చు. రకాన్ని తేల్చేది ఒక్కటే ప్రశ్న: నీళ్లు కుళాయిలోకి ఎక్కడినుంచి వస్తున్నాయి?

గోడలోంచి అడ్డంగా వచ్చి, ముందుకు సాగి, ముక్కులోంచి కిందికి పడితే అది బిబ్ కాక్. బాత్రూమ్‌లో బకెట్ మీద ఉండేది, పెరట్లో అంట్లు తోముకునే చోట ఉండేది, మేడ మీద మొక్కల దగ్గర ఉండేది అన్నీ ఇదే జాతి. దీని వెనక భాగంలో మరచుట్లు ఉంటాయి. వాటిని గోడలోని ఎల్బోలోకి తిప్పి బిగిస్తారు. గోడకూ కుళాయికీ మధ్య గిన్నెమూతలాంటి గుండ్రటి రేకు ఉంటుంది చూడండి, దాన్ని ఫ్లాంజ్ అంటారు. ఫొటోలో ఆ రేకు గోడకు ఆనుకుని కనపడితే అది గోడ కుళాయే.

అలాకాక, వాష్‌బేసిన్ మీదో గట్టు మీదో స్తంభంలా నిటారుగా నిలబడి ఉంటే అది పిల్లర్ కాక్. నీళ్లు అడుగునుంచి పైకి వస్తాయి. దీని కాడ బేసిన్ కన్నంలోంచి కిందికి దిగి ఉంటుంది. దాన్ని కింద నుంచి పెద్ద నట్టుతో బిగిస్తారు. కాడ చివర ఒక కనెక్షన్ పైపు తగిలించి, గోడకున్న యాంగిల్ వాల్వ్‌కు కలుపుతారు. బేసిన్ కింద తల పెట్టి చూస్తే ఇవన్నీ కనిపిస్తాయి.

ఇక మా అమ్మ వంటింట్లోది? దాన్ని షాపుల్లో సింక్ కాక్ అంటారు. అది బిబ్ కాక్‌కు దగ్గర చుట్టం. గోడలోంచే వస్తుంది. కాకపోతే ముక్కు పొడవుగా, వంపు తిరిగి, అటూ ఇటూ తిరిగేలా ఉంటుంది. అచ్చం అదే వంపు మెడతో పిల్లర్ రకమూ దొరుకుతుంది. మాకు దెబ్బ తగిలింది అక్కడే. 'వంపు మెడ' అనేది ముక్కు పేరు మాత్రమే. కుళాయి పేరు కాదు.

పైపులు లెక్కపెట్టండి

రెండో ప్రశ్న: ఎన్ని పైపులు వస్తున్నాయి? ఒకటే అయితే అది ఒంటి కుళాయి. చన్నీళ్లకొకటి, వేణ్నీళ్లకొకటి రెండు పైపులొచ్చి ఒకే ముక్కులోంచి పడితే మిక్సర్.

ఇది వినడానికి చాలా తేలిక. ఫొటోలో మాత్రం బోల్తా కొట్టిస్తుంది. మా ఆడపడుచు వాళ్లింట్లో అలాగే జరిగింది. బేసిన్ మీది కుళాయికి పైన ఒకటే లీవర్. ఫొటో పంపితే 'సింగిల్ లీవర్ మిక్సర్' అనుకుని అదే తెప్పించారు. బిగించేటప్పుడు చూస్తే దానికి రెండు పైపులు వేలాడుతున్నాయి. బేసిన్ కింద గోడకున్నది ఒకటే యాంగిల్ వాల్వ్. వాళ్లది అసలు మిక్సరే కాదు, లీవర్ ఉన్న పిల్లర్ కాక్. బయటికి రెండూ అక్కాచెల్లెళ్లలా ఉంటాయి.

పోనీ ఉన్న ఒక్క పైపూ తగిలించి రెండోది అలాగే వదిలేద్దామా అంటే, కుదరదు. లీవర్ మధ్యలోకి రాగానే లోపల రెండు దారులూ తెరుచుకుంటాయి. చన్నీళ్లు ఆ ఖాళీ పైపులోంచి వెనక్కి వచ్చి బేసిన్ కింద గచ్చు మీద పడతాయి. 

తేడా కనిపెట్టడానికి రెండు గుర్తులున్నాయి. ఒకటి, లీవర్ కదలిక. మిక్సర్ లీవర్ పైకీ కిందికీ కదలడమే కాకుండా, నీళ్లు పడుతుండగా కుడికీ ఎడమకూ కూడా తిరుగుతుంది. ఒకవైపు వేడి, ఇంకోవైపు చల్లదనం. సాధారణంగా ఎరుపు, నీలం చుక్కలు కూడా ఉంటాయి. రెండోది, బేసిన్ కింద పైపులు. ఒకటా, రెండా? దీన్ని మించిన రుజువు లేదు.

దీనికి సరిగ్గా వ్యతిరేకంగా మోసం చేసేది ఇంకొకటుంది. బాత్రూమ్ గోడకు రెండు మరలున్న కుళాయి కనిపిస్తే మిక్సరనుకుంటాం. కానీ దాన్ని గోడకు పట్టి ఉంచేది ఒక్క కాడే అయితే అది టూవే బిబ్ కాక్. ఒక మర బకెట్‌కు, ఇంకోటి పక్కనున్న హెల్త్ ఫాసెట్‌కో, వాషింగ్ మెషీన్ పైపుకో. రెండు దారులూ చన్నీళ్లవే. గోడ మిక్సర్ అయితే గోడలోకి రెండు కాళ్లు దిగి ఉంటాయి. రెండు ఫ్లాంజులు కనపడతాయి. కాబట్టి మరలు కాదు, గోడ దగ్గర కాళ్లు లెక్కపెట్టాలి.

గోడ మిక్సర్ కొనాలంటే ఆ రెండు కాళ్ల మధ్య దూరం కూడా షాపులో చెప్పాలి. సాధారణంగా అది 150 మిల్లీమీటర్లు, అంటే సుమారు ఆరంగుళాలు. మధ్యనుంచి మధ్యకు కొలవడం కష్టమనిపిస్తే ఎడమ ఫ్లాంజ్ ఎడమ అంచు నుంచి, కుడి ఫ్లాంజ్ ఎడమ అంచు దాకా కొలవండి. లెక్క అదే వస్తుంది. మిక్సర్‌తో వచ్చే కాళ్లు కాస్త వంకరగా ఉంటాయి. వాటిని తిప్పుతూ కొద్దిపాటి తేడా సర్దుకోవచ్చు. రెండంగుళాలు తేడా ఉంటే మాత్రం సర్దడం కుదరదు.

నాలుగు ఫొటోలు చాలు

ఆ ఆదివారం మధ్యాహ్నం ప్లంబర్ చెబుతుంటే నాలుగు ఫొటోలు తీశాను. మీక్కూడా అవే పనికొస్తాయి.

మొదటిది దూరం నుంచి. కుళాయి, గోడ, సింకు మూడూ ఒకే ఫొటోలో పడాలి. కుళాయి గోడకుందా, గట్టు మీద ఉందా అన్నది దీనితోనే తేలిపోతుంది. పక్కింటి కుర్రాడు పంపిన ఫొటోలో లేనిది ఇదే. దగ్గరికెళ్లి తీస్తే స్పష్టంగా ఉంటుందనుకున్నాడు పాపం.

రెండోది సరిగ్గా పక్కనుంచి, కుళాయి ఎత్తులోనే ఫోన్ పెట్టి తీసింది. పైనుంచి తీస్తే ముక్కు పొడవు పొట్టిగా కనిపిస్తుంది. పక్కనుంచి తీస్తే గోడ నుంచి ముక్కు ఎంత ముందుకొచ్చిందో తెలుస్తుంది. పక్కనే పిల్లల స్కేలు ఒకటి పెట్టండి. ఫొటోకు కొలత ఉండదు. అరచేతంత కుళాయీ, మూరెడు కుళాయీ ఫోన్లో ఒకేలా కనిపిస్తాయి. 

మూడోది కింద నుంచి. బేసిన్ అయితే అడుగున నట్టు, పైపులు కనపడేలా. గోడ కుళాయి అయితే ఫ్లాంజ్ దగ్గర.

నాలుగోది విప్పిన పాత కుళాయిది. మరచుట్ల వైపు, పక్కన స్కేలుతో. అమ్మ పాత కుళాయిని కిటికీలో దాచి ఉంచింది. ఫొటో తీసి పంపమని ముందే అడిగి ఉంటే ఆ పద్దెనిమిది వందలు మిగిలేవి. ఇలా విప్పడానికి వీలుంటే మిగతా మూడు ఫొటోలకంటే ఇదొక్కటే ఎక్కువ చెబుతుంది. మరచుట్లు వెనక అడ్డంగా ఉన్నాయా, అడుగున నిలువుగా ఉన్నాయా అన్నది చిన్న పిల్లలకైనా తెలిసిపోతుంది.

ఇరవై ఒకటి అంటే పదిహేను!

నాలుగో ఫొటో దగ్గర ఇంకో తమాషా జరిగింది. స్కేలు పెట్టి చూస్తే మరచుట్ల వెడల్పు ఇరవై ఒక్క మిల్లీమీటర్లు వచ్చింది. 'ట్వంటీ ఎమ్మెమ్ అని రాసుకుంటానక్కా' అన్నాడు పక్కింటి కుర్రాడు. ప్లంబర్ గట్టిగా నవ్వాడు.

కుళాయి సైజు పేరు పైపు లోపలి దారిని బట్టి పెట్టింది. మరచుట్ల బయటి వెడల్పును బట్టి కాదు. మనం 'అర అంగుళం' అనేది, పెట్టె మీద 15 మి.మీ. అని ఉండేది ఒకటే. దాని మరచుట్లను బయట కొలిస్తే సుమారు 21 మి.మీ. ఉంటాయి. పెట్టె మీద 20 మి.మీ. అని ఉంటే అది ముప్పావు అంగుళం. దాని మరచుట్లు సుమారు 26 మి.మీ. కాబట్టి స్కేలుతో ఇరవై ఒకటి చూసి, షాపుకెళ్లి 'ఇరవై' అని అడిగితే ఇంకో సైజు తెచ్చుకుంటాం. ఇళ్లలో వంటింటి, బాత్రూమ్ కుళాయిలు ఎక్కువగా అర అంగుళానివే. అయినా కొలిచి చూసుకోవడం మంచిది.

తర్వాత ముక్కు పొడవు. గోడ నుంచి నీళ్లు పడే చోటు దాకా కొలవాలి. మా సింకులో అది ఎనిమిది అంగుళాలు. అంతకంటే బాగా పొట్టిదైతే నీళ్లు సింకు వెనక అంచు మీద పడి గోడంతా చిందుతాయి. బాత్రూమ్‌లో అయితే పొట్టి ముక్కు కింద బకెట్ సరిగా పట్టదు. అందుకే బిబ్ కాక్‌లోనే 'లాంగ్ బాడీ' అని పొడుగుది విడిగా అమ్ముతారు.

చివరిది ఏ ఫొటోలోనూ కనపడనిది. మా వంటింటికి కొన్నేళ్ల కిందట పాత టైళ్ల మీదే కొత్త టైళ్లు వేయించాం. దాంతో గోడలోని ఎల్బో లోపలికి పోయింది. ప్లంబర్ డమ్మీ విప్పి, చీపురుపుల్ల లోపలికి పెట్టి, టైలు దగ్గర గోరుతో నొక్కి పట్టుకుని బయటికి తీశాడు. ముప్పావు అంగుళం లోతు! కొత్త కుళాయి మరచుట్లు అర అంగుళం దాకానే ఉంటాయి. టైలుకు ఆనేదాకా బిగించినా ఎల్బోను అందుకోవు. మరి పాతది ఎలా పట్టింది? దాని వెనక అంగుళం ఎక్స్‌టెన్షన్ నిపుల్ అతికినట్టు బిగిసి ఉంది. ఫొటోలో చూస్తే అది కుళాయిలో భాగమే అనిపిస్తుంది. అంటే మేం కొనాల్సింది ఒకటి కాదు, రెండు వస్తువులు. టైళ్ల మీద టైళ్లు వేయించినవాళ్లు ఈ చీపురుపుల్ల పరీక్ష మరచిపోకండి. రెండు మూడు చుట్లకే పట్టు దొరికినట్టనిపించి వదిలేస్తే, ఇవాళ కాకపోయినా రేపు గోడలోపల చెమ్మ మొదలవుతుంది.

గోడలో దాక్కున్నవి

ఇంత చెప్పినా ఫొటో చేతులెత్తేసే చోటు ఒకటుంది. కొత్త ఫ్లాట్ల బాత్రూముల్లో గోడ మీద ఒక పలక, దాని మీద ఒక లీవర్ మాత్రమే ఉంటాయి. షవర్ ఒకచోట, ముక్కు ఒకచోట. అసలు యంత్రమంతా టైళ్ల వెనక ఉంటుంది. దీన్ని కన్సీల్డ్ డైవర్టర్ అంటారు. పైపలక ఫొటో చూసి అలాంటిదే ఇంకో కంపెనీది కొంటే లోపలి భాగానికి అది అతకదు. ఇక్కడ ఫొటో కంటే కంపెనీ పేరు, మోడల్ పేరు ముఖ్యం. ఇల్లు కట్టినప్పటి బిల్లు దొరికితే దాన్ని ఫొటో తీయండి. లేకపోతే ఆ కంపెనీ మెకానిక్‌ను పిలిపించడమే దారి. 

మా కథకొస్తే, ఆదివారం సాయంత్రం తెనాలి బజారులో షాపు మూసేసింది. సోమవారం పొద్దున్నే నేను తిరుగు రైలెక్కాల్సి వచ్చింది. రైల్లోంచే షాపతనికి నాలుగు ఫొటోలూ, వాటి కింద ఒక్క వాక్యమూ పంపాను: 'గోడకు బిగించే సింక్ కాక్, అర అంగుళం, ముక్కు ఎనిమిది అంగుళాలు, వెనక అంగుళం నిపుల్.' అతను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ప్లంబర్ వెళ్లి తెచ్చి, టెఫ్లాన్ టేపు చుట్టి బిగించాడు. పదకొండు గంటలకు అమ్మ ఫోన్ చేసింది.

'పప్పు కడుగుతున్నానే' అంది. వెనక నీళ్ల చప్పుడు వినపడింది.

హంస మెడ కుళాయి మాత్రం మా అటక మీదుంది. దానికి సరిపోయే కన్నం ఉన్న బండ ఎవరింట్లోనైనా ఉంటే చెప్పండి!